మేడ మీద ఐదు కిలోవాట్లు పెట్టించే ముందు ఈ లెక్క ఒకసారి చూడండి

"అన్నా, మీ ఇంటి మీద జాగా ఉంది, ఐదు కిలోవాట్లు వేసేద్దాం. మీరు వాడుకోగా మిగిలింది గవర్నమెంటే కొంటది, ఇంటికి కూర్చోబెట్టి డబ్బులు పంపిస్తది." మా బావమరిది దగ్గరికొచ్చిన సోలార్ కుర్రాడు చెప్పిన మాట ఇది. బావమరిది నమ్మాడు, ఐదు పెట్టించాడు. మొన్న మార్చి అయ్యాక బిల్లు పట్టుకొని నా దగ్గరికొచ్చి "బావా, నా కరెంటు ఎవడో తిన్నాడు" అన్నాడు. ఎవడూ తినలేదు. ఆ కుర్రాడు సగమే చెప్పాడు, మిగతా సగం నేను చెప్తా వినండి.

ముందు ఒక్కటి బుర్రలో పెట్టుకోండి. నెట్ మీటరంటే కరెంటు అమ్ముకునే దుకాణం కాదు, చేబదులు ఖాతా. పగలు మీరు గ్రిడ్డులోకి పంపిన యూనిట్లు ఒక పక్క, రాత్రి గ్రిడ్డు నుంచి తీసుకున్నవి ఒక పక్క రాసుకొని, నెలాఖరున ఒకదాన్లోంచి ఒకటి తీసేస్తారు. మీరు ఎక్కువ తీసుకుంటే ఆ తేడాకి బిల్లు. ఎక్కువ పంపితే ఆ తేడా యూనిట్లుగానే వచ్చే నెలకి జమ, రూపాయలుగా కాదు. ఫిక్సెడ్ చార్జీ లాంటివి మాత్రం నెలనెలా కట్టాల్సిందే. పొలం మోటారు సర్వీసు వేరు, ఇంటి జమ దానికి పోదు.

బావమరిది మొదటి అనుమానం ఫోన్లో ఇన్వర్టర్ యాప్ చూసి వచ్చింది. "యాప్‌లో ఆరొందల యూనిట్లు తయారైనట్టు ఉంది, బిల్లులో ఎక్స్‌పోర్ట్ నాలుగొందల ఎనభయ్యే, మిగతా నూట ఇరవై ఏవీ?" అంటాడు. ఆ నూట ఇరవై పగలు ఇంట్లో ఫ్రిజ్జు, ఫ్యాన్లు, నీళ్ల మోటారు తినేశాయి. అవి మీటరు దాటి బయటికే పోలేదు, ఇక మీటరు ఎట్లా లెక్కేస్తది? పోయినట్టు కాదు, అన్నిటికన్నా లాభం వాటితోనే. యాప్ అంకె బిల్లు అంకెతో ఎప్పటికీ కలవదు. బిల్లులో చూడాల్సింది ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్, పోయిన నెల జమ. పోయిన నెల బిల్లు చివర ఉన్న జమ ఈ నెల బిల్లు మొదట్లో అంతే ఉండాలి. లేకపోతే అప్పుడు ఆఫీసుకి పోయి గట్టిగా అడగండి.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. మీరు పంపిన యూనిట్‌కి విలువెంత? ఆంధ్రాలో 2022-23లో వచ్చిన ఇంటి స్లాబులు తీసుకుందాం. మొదటి 30 యూనిట్లకి 1.90, 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. సోలార్ ఎప్పుడూ పైన ఉన్న ఖరీదైన స్లాబు నుంచి కోసుకుంటూ కిందికి వస్తది. మొదటి కిలోవాటుకి ఉన్న విలువ ఐదో కిలోవాటుకి లేనిది ఇందుకే.

బావమరిది ఇంట్లో ఏప్రిల్లో వాడకం 420 యూనిట్లు. సోలార్ లేకపోతే యూనిట్ల చార్జీయే సుమారు 2,743 రూపాయలు. కిలోవాటుకి రోజుకి నాలుగు యూనిట్లు వస్తాయనుకోండి. రెండు కిలోవాట్లుంటే నెలకి 240 వస్తాయి, బిల్లుకి 180 మిగుల్తాయి, చార్జీ 747. అంటే ఆ 240లో ఒక్కో యూనిట్ ఎనిమిది రూపాయల పైన మిగిల్చింది. మూడు పెడితే ఇంకో 120 తగ్గి చార్జీ 147కి దిగింది, ఈ 120లో ఒక్కోటి ఐదు రూపాయలు మిగిల్చింది. ఐదు పెడితే? ఆ 147 కూడా పోయింది, 180 యూనిట్లు జమ పడ్డాయి. పైన వేసిన రెండు కిలోవాట్లు నెల మొత్తం కష్టపడి మిగిల్చింది నూట నలభై ఏడు రూపాయలు, ఒక జమ.

ఆ జమ సంగతి చూడండి. ఇంటి వాడకం ఏడాదికి 3,400 యూనిట్లు, ఐదు కిలోవాట్లు ఇచ్చేది 7,200. ఏ నెలా జమ తరగదు, పెరగడమే. ఒప్పందంలో రాసిన లెక్క తేదీ నాటికి 3,800 యూనిట్లు పోగుపడతాయి. ఆ రోజు ఖాతా సున్నా చేస్తారు. ఈ తేదీ కొన్నిచోట్ల ఆర్నెల్లకోసారి, చాలాచోట్ల మార్చి 31. మిగులుకి ఇచ్చేది మీ స్లాబు రేటు కాదు. ఢిల్లీ నిబంధనల్లో అయితే డిస్కం కరెంటు కొనే సగటు ధర. గుజరాత్‌లో ఇళ్ల మిగులుకి 2.25 అని పెట్టారు. రాష్ట్రం రాష్ట్రానికి మారుద్ది, మీ ఒప్పందం కాగితంలో ఎంత రాసుందో సంతకానికి ముందే వేలు పెట్టి చదవండి.

మూడు రూపాయలే అనుకుందాం. అదనంగా వేసిన రెండు కిలోవాట్లు ఏడాదికి తెచ్చేది, ఎండాకాలం బిల్లు తగ్గింపు కూడా కలుపుకొని, సుమారు ఎనిమిదిన్నర వేలు. వాటికి మావాడు పెట్టింది లక్షకి పైనే, అదీ అప్పు తెచ్చి. ఇంకో మాట కుర్రాడు చెప్పనిది: పీఎం సూర్యఘర్ సబ్సిడీ మూడు కిలోవాట్లకి 78,000 దగ్గర ఆగిపోద్ది. నాలుగోదానికీ ఐదోదానికీ కేంద్రం రూపాయి ఇవ్వదు. ఈ ఇంటికి రెండా మూడా అని ఆలోచించాలిగానీ ఐదు అన్న మాటే రాకూడదు. మేడ ఎంతుందో కొలిచేవాణ్ణి కాదు, పన్నెండు నెలల పాత బిల్లులు అడిగేవాణ్ణి ఇంట్లోకి రానియ్యండి.

సరే, అమ్మేవాడి తప్పు చెప్పా. నిబంధన రాసేవాళ్ల తప్పు కూడా చెప్తా. ఇదే ఇంటికి బుద్ధిగా రెండే కిలోవాట్లు పెట్టారనుకోండి. ఏడాది మొత్తం మీద 520 యూనిట్లు తక్కువే, మిగులనే మాట ఉండకూడదు. కానీ నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఏసీ ఉండదు, నెలకి 60 చొప్పున 240 జమ పడతాయి. మార్చిలో 60 వాడుకుంటారు. 31న ఖాతాలో 180 ఉంటాయి. వాటిని మూడు రూపాయల చొప్పున 540 ఇచ్చి తుడిచేస్తారు. తెల్లారితే ఏప్రిల్, ఏసీ నెల, అదే 180 యూనిట్లు 747 పెట్టి కొనాలి! చలికాలం దాచిన గింజల్ని విత్తే ముందు రోజు అగ్గువకి అమ్మించి, మర్నాడు విత్తనం రేటుకి కొనిపించినట్టుంది.

స్తంభాలు, తీగలు డిస్కం వాళ్లే చూసుకోవాలి కదా, మధ్యాహ్నం అందరి కరెంటూ ఒక్కసారే వచ్చి పడితే వాళ్లేం చేసుకుంటారు అని కొందరు అంటారు. ఒప్పుకుంటా. అందుకే మిగులుకి స్లాబు రేటు ఇమ్మని అడగట్లా. ఎక్కువ పెట్టుకున్నవాడి సంగతి వాడు చూసుకుంటాడు. సరిపడా పెట్టుకున్నవాడికి లెక్క ముగిసే రోజు జూన్ 30 చెయ్యండి అంటున్నా. అప్పుడు పై లెక్కలో ఆ 180 ఏప్రిల్లోనే ఖర్చైపోతాయి, ఎవరూ ఎవరికీ ఇవ్వక్కర్లా. ఇంటికి రెండొందల రూపాయలేగా అనకండి, ఏటా పోయేదీ అదే రెండొందలు.

ఈ తేదీ డిస్కం చేతిలో లేదు, విద్యుత్ నియంత్రణ మండలి రాస్తుంది. టారిఫ్ పెట్టేముందు మండలి జనం అభ్యంతరాలు తీసుకొని విచారణ పెడుతుంది, తెలుగులో రాసిచ్చినా తీసుకుంటారు. ఈసారి నేను రాసిస్తున్నా. మీ ఒప్పందంలో లెక్క తేదీ మార్చి 31 ఉంటే మీ పోయిన ఏడాది మార్చి, ఏప్రిల్ బిల్లులు రెండూ ఫోటో తీసి నాకు పంపండి, జత చేస్తా. సర్వీసు నంబరు కనపడకుండా వేలు అడ్డం పెట్టి తీయండి.