పరదేశం నుంచి బిడ్డ పంపేది ఆమ్దనీ కాదు, తోఫా

రాయచోటిలో, కడపలో, నిజామాబాద్‌లో, హైదరాబాద్ పాతబస్తీలో, గల్ఫ్ కమాయి మీద పొయ్యి వెలిగే ఇళ్లలో ఒక ఖౌఫ్ ఏళ్లుగా తిష్ట వేసుకుంది. "అంతా బ్యాంకులో వేయకు బేటా, ట్యాక్స్ పడుద్ది" అనే మాట. ఈ మాట తప్పు. తప్పయితే పోనీ అనుకోవచ్చు, కానీ పన్ను లేని పైసలను పన్ను పడే పైసలుగా మార్చేది కూడా ఈ మాటే. నా ఝగ్డా అక్కడే.

ముందు కానూన్ ఏం చెబుతుందో చూద్దాం. బయట దేశంలో ఉంటూ అక్కడ పనిచేసి సంపాదించిన జీతం మీద, ఆ మనిషి ఇక్కడి లెక్కలో నాన్ రెసిడెంట్ అయినంత కాలం, మన దేశంలో ఆదాయపన్ను లేదు. ఆ జీతంలోంచి అతను అమ్మీకి పంపింది అమ్మీ ఆమ్దనీ కాదు. ఆమె ఏ పనీ చేయలేదు, ఏదీ అమ్మలేదు. బిడ్డ ఇచ్చాడు, తీసుకుంది. 1961 ఆదాయపన్ను చట్టం సెక్షన్ 56(2)(x) 'రిష్తేదార్' ఇచ్చిన తోఫాను పన్ను నుంచి తప్పించింది. దానికి గరిష్ఠ పరిమితి లేదు. 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 2025 చట్టంలో సెక్షన్ల నంబర్లు మారాయి గానీ ఈ ఉసూల్ మారలేదు.

ఒక ఇంటి హిసాబ్ వేసి చూద్దాం. కొడుకు కువైట్‌లో డ్రైవర్. రాయచోటిలో ఉన్న అమ్మీకి నెలకు 25,000 పంపుతాడు. సాలుకు 3 లక్షలు. ఆమె లెక్కలో ఇది సున్నా. అందులోంచి మిగిల్చుకుంటూ వచ్చి కొన్నేళ్లకు 10 లక్షలు ఆమె పేరనే ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసింది అనుకోండి. 7 శాతం చొప్పున ఏడాదికి 70,000 వడ్డీ వస్తుంది. ఆ వడ్డీ మాత్రం ఆమె ఆమ్దనీయే. తోఫాకు పన్ను లేదు, తోఫా కన్న పైసలకు ఉంది. కానీ కొత్త పన్ను విధానంలో 4 లక్షల దాకా పన్నే లేదు కాబట్టి, వేరే ఆమ్దనీ లేని అమ్మీ కట్టాల్సింది ఏమీ ఉండదు. అదే డిపాజిట్ శౌహర్ పంపిన పైసలతో బీవీ పేరున ఉంటే ఆ వడ్డీ శౌహర్ లెక్కలోకి పోతుంది. ఈ ఒక్క తేడా గుర్తుంచుకుంటే చాలు.

మరి నష్టం ఎవరు చేస్తున్నారు? మొదటి వారు రిటర్నులు వేసిపెట్టే ఏజెంట్లలో కొందరు. ఇంటి లోన్ కోసమో, వీసా కాగితాల కోసమో ఆమ్దనీ కాస్త బరువుగా కనబడాలని అబ్బా పేరున రిటర్ను వేస్తారు. కొడుకు పంపిన 3 లక్షలను 'చిన్న వ్యాపారం' అని రాసేస్తారు. దుకాణం లేదు, సరుకు లేదు, గిరాకీ లేదు. అయినా కాగితం మీద అబ్బా వ్యాపారి అయిపోయాడు. అది ఝూటా బయాన్. దాని కింద సంతకం ఏజెంట్‌ది కాదు, అబ్బాది. పైగా ఆంధ్రప్రదేశ్‌లో సంక్షేమ పథకాలకు ఇంట్లో ఆదాయపన్ను కట్టేవారు ఉండకూడదనే నిబంధన పెట్టారు. లేని ఆమ్దనీ రాసి పన్ను కట్టే ఖాందాన్ లిస్టులో చేరిపోతే, ఆ తర్వాత ఆఫీసుల చుట్టూ తిరిగేది మనమే.

రెండో వారు హుండీ వాళ్లు. "ట్యాక్స్ లేదు, ఖర్చు తక్కువ, ఇంటికే తెచ్చిస్తాం" అంటారు. బ్యాంకులో వచ్చినా పన్ను లేనప్పుడు ఈ ఎహ్సాన్ దేనికి? కువైట్‌లో దీనార్లు ఒకడు తీసుకుంటాడు, ఇక్కడ ముక్కూ మొహం తెలియనివాడు నోట్లు తెచ్చిస్తాడు. ఈ రెంటినీ కలిపే కాగితం ముక్క ఉండదు. రేపు అమ్మీ ఆ 3 లక్షల నగదు బ్యాంకులో వేస్తే, ఎక్కడివని నోటీసు వస్తే, ఏం చూపిస్తుంది? బిడ్డ పంపాడన్నది నిజమే. కానీ సబూత్ లేని నిజం. అధికారి దాన్ని లెక్క చెప్పలేని డబ్బు కింద రాస్తే మామూలు స్లాబులు వర్తించవు, 4 లక్షల మినహాయింపూ దక్కదు, పన్ను చాలా భారీగా పడుతుంది. అది చాలదన్నట్టు విదేశీ మారక చట్టం, ఫెమా, కింద హుండీ డబ్బు తీసుకోవడమే ఉల్లంఘన. అందిన మొత్తానికి మూడింతల దాకా జరిమానా వేయవచ్చు. ట్యాక్స్ భయంతో పట్టిన దారి తీసుకెళ్లి ట్యాక్స్ గుమ్మంలోనే నిలబెడుతుంది.

ఇక కానూన్‌తో నాకున్న షికాయత్. దాని రిష్తేదార్ వేరు, మన రిష్తేదార్ వేరు. మియా బీవీ, అమ్మీ అబ్బా, దాదా దాదీ, నానా నానీ, ఔలాద్, భాయ్ బెహన్, వాళ్ల జీవిత భాగస్వాములు, అత్తింటి వైపు ఇలాంటివాళ్లు లిస్టులో ఉన్నారు. అల్లుడు సాస్‌కు పంపినా చెల్లుతుంది. ఖాలా, ఫూఫీ, చాచా, మామూ మనకు ఇచ్చినా చెల్లుతుంది. కానీ అదే ఖాలాకు మనం ఇస్తే చెల్లదు! చట్టం చూసేది తీసుకునే మనిషి వైపు నుంచి. నాకు ఖాలా 'అమ్మీ బెహన్', లిస్టులో ఉంది. ఖాలాకు నేను 'బెహన్ కొడుకు', లిస్టులో లేను. బేవా అయిన ఖాలాకు నెలకు 4,000 పంపితే సాలుకు 48,000. బయటివాళ్ల తోఫాలన్నీ కలిపి 50,000 దాటలేదు కాబట్టి సరే. 6,000 పంపితే 72,000. అప్పుడు పైనున్న 22,000 కాదు, మొత్తం 72,000 ఆమె ఆమ్దనీ. వేరే ఆమ్దనీ లేకపోతే ఆమె చేతి నుంచి ఏమీ పోదు, నిజమే. పింఛనో, అద్దెలో ఉన్న ఖాలాకు పోవచ్చు. పెంచిన చేతికి తిరిగి ఇస్తే ఆమ్దనీ అనడం ఏ ఇన్సాఫ్? ఈ ఒకవైపు రిష్తాను సరిచేయాలని మన ఎంపీలను గట్టిగా అడగాలి.

కజిన్లయితే రెండు వైపులా లిస్టులో లేరు. ఇల్లు కట్టడానికి మామూ కొడుకు అకౌంటులో 4 లక్షలు వేసేవాళ్లు ఇది వినాలి. అతను ఆ డబ్బు ఉంచుకోకుండా మేస్త్రీకీ సిమెంటుకూ ఇస్తే అది అతని తోఫా కాదు, అమానత్. కానీ అమానత్ అని నిరూపించాల్సిన బరువు అతని మీదే పడుతుంది. బిల్లులు లేకపోతే 4 లక్షలూ అతని ఆమ్దనీగా కనబడతాయి. మీకు ఖిద్మత్ చేసినవాడిని నోటీసు ముందు నిలబెట్టకండి. మీ సొంత ఎన్ఆర్ఈ ఖాతా నుంచో, అబ్బా ఖాతా నుంచో కట్టండి.

పంపేటప్పుడు ఎక్స్‌ఛేంజ్ కౌంటర్‌లో మక్సద్ అడుగుతారు. కుటుంబ పోషణ అని చెప్పండి, ఇక్కడి బ్యాంకు రికార్డులో దాని కోడ్ P1301. రసీదు ఫోటో అమ్మీకి పంపండి. పెద్ద మొత్తమైతే "నా కమాయిలోంచి అమ్మీకి తోఫాగా ఇచ్చాను" అని తారీఖు వేసి, సంతకం చేసి ఒక కాగితం రాసి ఉంచండి. స్టాంపు పేపరు అక్కర్లేదు. ఎవరైనా ఇది ఆమ్దనీ అంటే, ఆ కాగితం, రసీదు, బ్యాంకు పాస్‌బుక్ ముందు పెట్టి, కాదని చెప్పండి.