మాస్టారి మాట: బస్సు వెళ్ళిపోయాక

పిల్లలూ, పోయిన నెల మీలో ఒక అమ్మాయి నాకు ఉత్తరం రాసింది. “మాస్టారూ, రోడ్డు ప్రమాదాల గురించి మా బడిలో చూపించడానికి మూడు నిమిషాల సినిమా తీద్దామనుకుంటున్నాం. స్క్రిప్టు ఎలా రాయాలి?” అని అడిగి, తాను రాసినది కూడా పంపింది. అందులో హెల్మెట్టు ఉంది, ఎర్రదీపం ఉంది, రోడ్డు మీద బంతాట ఉంది, చివరకు ఒక కుర్రవాడు లారీ కింద పడటం కూడా ఉంది.

అమ్మాయీ, మూడు నిమిషాల్లో ఇన్ని పట్టవు. మీ బడి పిల్లలు రోజూ చేసే తప్పు ఒక్కటి ఎంచుకో. అది తెలియాలంటే బడి వదిలే వేళకు గేటు దగ్గర నిలబడి రెండు రోజులు చూస్తే చాలు.

నేను పనిచేసిన ఒక ఊళ్ళో అయిదో తరగతి కుర్రవాడు బస్సు దిగి, దాని ముందునుంచే రోడ్డు దాటబోయాడు. బస్సును దాటి ముందుకు వస్తున్న జీపు తగిలి కాలు విరిగింది. ఆసుపత్రిలో వాణ్ణి అడిగితే, “చూసే దాటానండీ, రోడ్డు మీద ఏమీ లేదు” అన్నాడు. వాడు అబద్ధమాడలేదు. మన దేశంలో బండ్లు ఎడమ పక్కన నడుస్తాయి. బస్సు ముందు నిలబడి రోడ్డుకేసి చూస్తే, వెనకనుంచి వచ్చే బండి మన కుడిచేతి వైపునుంచి వస్తుంది. ఆ కుడివైపునే బస్సు గోడలా అడ్డం! జీపు నడిపేవాడికీ కుర్రవాడు కనపడడు.

ఇప్పుడు చిన్న లెక్క. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఒక్క సెకనులో 11 మీటర్లు పోతుంది. అంటే దాదాపు ఒక బస్సు పొడవు. పిల్లవాణ్ణి చూసి బ్రేకు తొక్కేసరికే డ్రైవరుకు ఇంచుమించు ఒక సెకను పడుతుంది. తొక్కాక కూడా, పొడి రోడ్డు మీద, బండి ఆగడానికి మరో 9 మీటర్లు కావాలి. రెండడుగుల దూరంలో పిల్లవాడు ప్రత్యక్షమైతే ఎంత మంచి డ్రైవరైనా ఏం చేయగలడు?

కాబట్టి మన సినిమా చెప్పవలసింది ఒక్కటే: దిగినవాడు రోడ్డు అంచున ఆగాలి, బస్సు వెళ్ళిపోయాక రెండువైపులా చూసి దాటాలి.

ఇక కాగితం మీద నిలువుగా గీత గీయి. ఎడమవైపు తెర మీద కనిపించేది, కుడివైపు వినిపించేది రాయాలి. “రాము తొందరపాటు మనిషి” అని ఎడమవైపు రాస్తే కెమెరా దాన్ని తీయలేదు. “బస్సు ఆగకముందే రాము మెట్టు మీదికి వచ్చాడు” అని రాస్తే తీయగలదు.

మొదటి దృశ్యంలో రాము దిగుతాడు. ఎదురుగా మామిడికాయల బండి, దాని దగ్గర స్నేహితుడు. రెండో దృశ్యానికి కెమెరాను రాము కళ్ళ ఎత్తుకు దించాలి. ఎనిమిదేళ్ళ పిల్లవాడికైతే నేలనుంచి 115 సెంటీమీటర్లు అనుకో. కుడివైపు తెరనిండా బస్సే ఉంటుంది. ఎదర రోడ్డు ఖాళీ. వ్యాఖ్యానం వద్దు, బస్సు ఇంజను చప్పుడు మాత్రం ఉండాలి. రాము ఒక అడుగు వేయబోతాడు, కండక్టరు “ఆగు బాబూ!” అంటాడు. రాము వెనక్కి జరుగుతాడు. బస్సు కదలగానే అంతవరకు దాని వెనక దాగిన జీపు బయటపడుతుంది. పెద్దవాళ్ళ ఎత్తులో తీస్తే ఈ దృశ్యం చప్పబడిపోతుంది.

లారీ కింద పడే కుర్రవాణ్ణి తీసెయ్యి. బ్రిటనులో 1977లో రైలుపట్టాల ప్రమాదాలపై పిల్లల కోసం ‘ది ఫినిషింగ్ లైన్’ అనే సినిమా తీశారు. అది మరీ భయంకరంగా ఉందని గొడవ రేగి, 1979లో దాన్ని ఉపసంహరించారు. భయపడ్డ పిల్లలు కళ్ళు మూసుకుంటారు; మనం చూపదలచిందీ అప్పుడే పోతుంది. తప్పు పనిని పొడుగ్గా చూపినా చేటే, చిన్నవాళ్ళు సరదాకి దాన్నే అనుకరిస్తారు. సరైన దాటడాన్ని మాత్రం మొదటినుంచి చివరిదాకా, కోత లేకుండా చూపించు.

స్క్రిప్టు పూర్తయ్యాక గడియారం పెట్టుకుని, దృశ్యాలు మధ్యమధ్య ఊహించుకుంటూ బిగ్గరగా చదువు. మూడు నిమిషాలు దాటితే మాటలు కొట్టెయ్యి, దృశ్యాలు కాదు. తీసేటప్పుడు మాత్రం నిజమైన రోడ్డు మీదికి పోవద్దు. పెద్దల సాయంతో బడి మైదానంలో బస్సు నిలిపించి, సున్నంతో రోడ్డు గీయండి. జీపు మెల్లగా నడిచినా ఫరవాలేదు. పిల్లవాడూ జీపూ ఒకే దృశ్యంలో ఉండనక్కరలేదు.

సినిమా చూపించాక మూడో తరగతి వాళ్ళను, “బస్సు దిగి ఏం చేస్తారు?” అని అడుగు. “జాగ్రత్తగా ఉంటాం” అన్నారా, మళ్ళీ రాయవలసిందే. “బస్సు వెళ్ళేదాకా ఆగుతాం” అంటే వాళ్ళను ఆ సున్నపు గీతల దగ్గరికి తీసుకెళ్ళి, చేసి చూపించమను. ఏమైందో నాకు రాయి.