కృతజ్ఞతా లేఖలో సామెత

ఆమెత లేని యిల్లు, సామెత లేని మాట ఒక్కటే యని మన పెద్దలందురు. ఆమెత యనగా విందు. కాని విందులో వడ్డించువాడు విస్తరి చూచి వడ్డింపవలెను. అతిథి ఆకలి నెరుగక, తనకు తెలిసిన వంటకములన్నియు కుమ్మరించినచో అది ఆదరము కాదు. మనకు మేలు చేసినవారికి వ్రాయు లేఖలలో సామెతకు పట్టుచున్న గతి తరచుగా ఇట్టిదే. సామెత ఎచ్చట అతుకును, ఎచ్చట అతకదు అను విషయమున నా అభిప్రాయమును ఒక చిన్న ఉదాహరణముతో చెప్పెదను.

నాగర్‌కర్నూలు జిల్లాలోని బిజినేపల్లి ప్రాంతమున రైతులు వానకాలములో ప్రత్తి వేయుదురు. మొక్క కొంత ఎదిగిన పిమ్మట సాళ్ల నడుమ గుంటుక తోలి కలుపు తీయవలెను. ఆ అదను తప్పెనా, కలుపు మొక్కను మించి పెరుగును. సరిగా అట్టి సమయమున ఒక రైతు జబ్బుపడి ఆసుపత్రిలో చేరెననుకొందము. ఇంట ఎడ్లు లేవు. ఎనిమిదవ తరగతి చదువుచున్న కుమారుడొక్కడే ఉన్నాడు. ప్రక్కచేని రైతును ఆ బాలుడు వరుసకు పెద్దనాయన యని పిలుచును. వాన తెరపి యిచ్చిన మరునాడే ఆయన, ఎవరును అడుగకమునుపే, తన ఎడ్లను కట్టుకొని వచ్చి, రెండు దినములలో మూడెకరముల చేనిలో గుంటుక తోలెను. కూలి ఇవ్వబోగా పుచ్చుకొనలేదు.

తండ్రి ఇల్లు చేరిన పిమ్మట బాలుడు పెద్దనాయనకు ఒక లేఖ వ్రాసెను. అది ఇట్లున్నది:

“పూజ్యులైన పెద్దనాయన గారికి నమస్కారములు. మునిగేవాడికి గడ్డిపోచైనా ఆధారం అన్న సామెత ప్రకారం మీరు మాకు సహాయం చేశారు. చన్నీళ్లకు వేన్నీళ్లు తోడు అన్నట్లు మీ సాయం మాకు తోడైంది. ఏరు దాటి తెప్ప తగలేసినట్లు మేము చేయము. మీ మేలు ఎన్నటికీ మరువము.”

బాలుని మనస్సు మంచిదే. లేఖ మాత్రము మంచిది కాదు. ఏల? ప్రతి సామెతలోను కొన్ని పీటలుండును. ఆ పీటలపై ఎవరెవరిని కూర్చుండబెట్టుచున్నామో మొదట చూచుకొనవలెను. మొదటి సామెతలో మునుగుచున్నవాడు బాలుని తండ్రి. అట్లయిన పెద్దనాయన ఎవరు? గడ్డిపోచ! రెండు దినములు ఎండలో ఎడ్ల వెంట నడచిన మనుష్యుని, ఏ బలమును లేని గడ్డిపోచతో పోల్చినట్లయినది.

రెండవ సామెతను, మనకు ముందే ఉన్న రాబడికి కొంచెము తోడు దొరికినపుడు వాడుదురు. తండ్రి సేద్యము చేయుచుండగా అక్క మిషను కుట్టి నాలుగు రూకలు తెచ్చినచో, అది చన్నీళ్లకు వేన్నీళ్లు తోడగుట. ఇచ్చట ఇంట మనిషి లేడు, ఎడ్లు లేవు; పని అంతయు పెద్దనాయనయే చేసెను. అంత పనిని కొద్దిపాటి తోడుగా చెప్పుట, చేసిన మేలును తగ్గించుటయే.

ఇక మూడవది. తెప్పను తగులబెట్టుదువని బాలునిపై ఎవరును నింద మోపలేదు. గుమ్మడికాయల దొంగ అనగా భుజములు తడుముకొన్నట్లు, అడుగకయే తాను కృతఘ్నుడు కానని చెప్పుకొనినచో చదువువానికి లేని సందేహము పుట్టును. పైగా మాట పెద్దనాయనను విడిచి, వ్రాసినవాని గుణము మీదికి మరలినది.

ఇంకొక పరీక్ష కలదు. లేఖలోని సామెతలన్నిటిని కొట్టివేసి చూడుడు. “మీరు సహాయం చేశారు, మరువము” అను రెండు మాటలు మిగులును. గుంటుక లేదు, ఎడ్లు లేవు, మూడెకరముల చేను లేదు. ఈ లేఖను ఎవరికైనను పంపవచ్చును. అనగా ఇది ఎవరికిని చెందదు. చెప్పవలసిన సంగతి లేనిచోట సామెతను నిలిపినందుననే అది బలవంతముగా తోచినది.

కాబట్టి మొదట సంగతి వ్రాయవలెను. పిమ్మట, ఆ మేలులో అన్నిటికంటె మనస్సును తాకినదేమని తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. ఇచ్చట అది మూడెకరములు కాదు, కూలి పుచ్చుకొనకపోవుటయు కాదు, అడుగకమునుపే వచ్చుట. ఆ ఒక్క సంగతి తెలిసిన వెంటనే, ఇంటింటను వినబడు సామెత యొకటి వెదకకయే నోటికి వచ్చును. అపుడు లేఖ ఇట్లుండును:

“పెద్దనాయనా, నమస్తే. నాయన నిన్న ఇంటికి వచ్చిండు. పొద్దున్నే చేనుకాడికి తీసుకపొమ్మన్నడు. సాళ్లు చూసి చానసేపు ఏం మాట్లాడలే. కలుపు చేనంత కమ్మిందేమో అని దవాఖానల రోజూ రంది పడ్డడట. అడగంది అమ్మయినా పెట్టదంటరు. మేం అడగనే లేదు, నువ్వు ఎడ్లు కట్టుకొని వచ్చినవు. నాయన పూర్తిగా తేరుకున్నంక నీ దగ్గరికి వస్తడు. నేను ఆదివారం వచ్చి ఎడ్లకు మేత వేస్త.”

ఇందు సామెత ఒక్కటే కలదు. దానికి ముందు సంగతి కలదు, వెనుక సంగతి కలదు. “అన్న సామెత ప్రకారము” అను చీటీని దానికి తగిలింపలేదు. “అంటరు” అను మాట చాలినది. ‘తీగ కాలికి తగిలినట్లు’ వంటి సామెతలకు ఆ మాటయు అక్కరలేదు. చివరి ‘అట్లు’ అనునదియే వాక్యములో కలిసిపోవును. లేఖయంతయు ఇంటి పలుకుబడిలోనే ఉన్నందున సామెత విడిగా మెరయదు. పెద్దనాయనను ‘నువ్వు’ అనుట అమర్యాద కాదు. ఆ యింట పుట్టినది మొదలు పిలుచుచున్న పిలుపది.

ముఖ్యమైన సంగతి యింకొకటి. పెద్దనాయన ఆ సామెతను నిజము చేయలేదు, అబద్ధము చేసెను. మన సామెతలలో పెక్కు లోకమును ఎత్తిపొడుచునవి, పొగడునవి తక్కువ. అందుచేత కృతజ్ఞత తెలుపుటకు సామెత దొరకదని కొందరు విచారింతురు. ఏ యెత్తిపొడుపును మన ఉపకారి తన నడతచే వమ్ము చేసెనో, దానినే చెప్పుట ఉత్తమమని నా అభిప్రాయము. పొగడ్త అని తోచకయే అది పొగడ్త యగును. తల్లిని మించి చేసితివని బాలుడు వ్రాయలేదు. పెద్దనాయన తానే గ్రహించును.

ఈ పద్ధతికి హద్దులు కలవు. 1868లో కార్ అను ఆంగ్లేయుడు తెలుగు సామెతలను సంకలనము చేసి ప్రకటించెను. ఆ పిమ్మట సంకలనములు పెక్కు వెలువడినవి. కాని లేఖ కొరకు పుస్తకము వెదకి తెచ్చిన సామెత, చదువువాడు ఎన్నడును విననిదైనచో, వివరణము కోరును. వివరణము కోరిన సామెత లేఖకు బరువు. కులమును, స్త్రీలను, అంగవైకల్యమును ఎగతాళి చేయు పాత సామెతలు కొన్ని కలవు. అవి ఎంత అతికినను వాడరాదు. ఉపకారి తానే దుఃఖములో ఉన్నపుడు చమత్కారము ధ్వనించు సామెత తగదు.

సామెత లేనిచో లేఖ చప్పగానుండునని కొందరి వాదము. నేనొప్పుకొనను. పై రెండవ లేఖనుండి సామెతను తీసివేసి చదువుడు. సాళ్లు చూచి మాటరాని తండ్రి అందు నిలిచియే యున్నాడు. సామెత తానుగా నోటికి రానినాడు, ఆ తండ్రిని గూర్చి వ్రాసి ఊరకుండుటయే మేలు.