తెరకు రాత్రయిందని ఎవరు చెప్పాలి?

మొన్న ఆదివారం రాత్రి మా అన్నయ్య కొడుకు కార్లో విజయవాడ నుంచి హైదరాబాద్ వస్తున్నాం. నందిగామ దాటాక బయటంతా చీకటి. లోపల మాత్రం డాష్‌బోర్డు నడుమ తొమ్మిది అంగుళాల తెర, దాని నిండా తెల్లటి మ్యాపు, పట్టపగల్లా వెలుగుతోంది. కుడివైపు అద్దంలో సైడ్ మిర్రర్ కనబడాల్సిన చోట ఆ మ్యాపే మళ్లీ కనబడుతోంది. ‘‘కాస్త తగ్గించరా’’ అంటే ‘‘అలవాటైపోయింది బాబాయ్’’ అన్నాడు. ఆ వెంటనే హైబీమ్ వేశాడు. ఎందుకంటే, రోడ్డు సరిగ్గా కనబడటం లేదట!

ఈ వారం నా కోపమంతా ఆ అలవాటు మీదే. మనిషికి అలవాటవుతుందేమో గానీ కంటికి కాదు. చీకటికి కన్ను పూర్తిగా సర్దుకోవడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, చెదిరిపోవడానికి క్షణాలు చాలు. కారు తెర ఎండలో కూడా కనబడాలి కాబట్టి చాలా తెరల పూర్తి వెలుగు 500 నిట్ల చుట్టుపక్కల ఉంటుంది. దీపాలు బాగా వెలిగే నగర రోడ్డును అదే కొలతతో కొలిస్తే ఒకటో రెండో వస్తుంది. హైవే మీద మన హెడ్‌లైటు అందని చోట, అంటే గేదె నిలబడి ఉండే చోట, అందులో పదో వంతు కూడా ఉండదు. తెర మీంచి రోడ్డు మీదికి చూపు తిప్పిన ప్రతిసారీ కన్ను దాటాల్సిన దూరం ఇది. యాభై దాటినవాళ్లకు ఇంకా కష్టం. కంట్లోని కటకం మసకబారుతున్నకొద్దీ వెలుగు లోపల చెదిరి, చూసేదాని మీద పలచటి తెల్ల పొరలా పరుచుకుంటుంది.

చిల్లకల్లు టోల్ దాటాక బండి పక్కకు ఆపించాను. హెడ్‌లైట్లు ఆర్పి మళ్లీ వేయమన్నాను. వేసినప్పుడు ఏసీ మీటల వెనక చిన్న దీపాలు వెలిగాయి, ఆర్పితే ఆరాయి. తెర మాత్రం ఉలకలేదు పలకలేదు. జబ్బేమిటో అక్కడే తెలిసిపోయింది. అది కారుతో వచ్చిన తెర కాదు, తర్వాత బయట షాపులో పెట్టించింది. అలాంటి స్టీరియోల వెనకుండే తీగల గుత్తిలో సాధారణంగా నారింజ రంగు మీద తెల్ల చారతో ఒక తీగ ఉంటుంది. దాన్ని ఇల్యూమినేషన్ వైరు అంటారు. కారు పార్కింగ్ దీపాల తీగకు కలిపితే, దీపాలు వేయగానే అందులోకి 12 వోల్టులు వస్తాయి. తెరకు రాత్రయిందని చెప్పేది అదే. ఆండ్రాయిడ్ ఆటోలో ఫోన్ మ్యాపు నల్లబడటం కూడా చాలా స్టీరియోల్లో ఆ కబురు మీదే ఆధారపడుతుంది. ఆ తీగ కలపకపోయినా పాట వస్తుంది, రివర్స్ కెమెరా పనిచేస్తుంది కాబట్టి బిగించేవాడు దానికి టేపు చుట్టి వెనక్కి తోసేస్తాడు. మావాడి కార్లోనూ అంతే. మర్నాడు మెకానిక్ తెర ఊడదీస్తే టేపు చుట్టుకుని పడి ఉంది. కలపడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు.

తీగ కలిపితే సగం పనే అయినట్టు. నైట్ మోడ్ వేరు, వెలుగు వేరు. నైట్ మోడ్ మ్యాపు రంగులు మారుస్తుందంతే. ఈ తెరల్లో చాలావాటికి వెనక ఒక దీపపు పలక ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. బొమ్మ నల్లగా ఉన్నా ఆ దీపం తగ్గకపోతే, నలుపు బూడిదరంగులో మెరుస్తూ కార్లో వెన్నెల కాస్తుంది. కాబట్టి బ్రైట్‌నెస్ విడిగా తగ్గించాలి, అదీ రాత్రిపూటే. చాలా కార్లు పగటికొకటి, రాత్రికొకటి రెండు అంకెలు గుర్తుపెట్టుకుంటాయి. దీపాలు ఆర్పి ఉండగా తగ్గిస్తే తగ్గేది పగటి అంకె. మర్నాడు ఎండలో తెర కనబడక మళ్లీ పెంచేస్తాం, రాత్రి కథ మొదటికొస్తుంది.

మావాడికి నేను చేయించింది చెబుతాను. వీధిదీపం లేని చోట బండి ఆపి, లోబీమ్ వేసి, అయిదు నిమిషాలు ఊరకే కూర్చున్నాం. Settings లో Display తెరిచి Day, Night, Auto అన్న మూడింట్లో Auto పెట్టాం. బ్రైట్‌నెస్ అట్టడుగుకు దించి, మలుపు బాణం గుర్తు ఒక్క చూపులో తెలిసేదాకా కొద్దికొద్దిగా పెంచి, అక్కడ ఆపేశాం. పరీక్ష ఒకటే. తెర మొత్తం ఆర్పి ముందుకు చూడాలి. ఆర్పాక రోడ్డంచు ఇంతకుముందుకన్నా బాగా కనబడితే ఇంకా తగ్గించాలని లెక్క. ఐఫోన్ వాళ్లు కార్‌ప్లే Settings లో Appearance ను Automatic లో ఉంచుకుంటే చాలు.

కంపెనీ తెరలకూ ఒక తిరకాసు ఉంది. కొన్ని కార్లలో తెరకు వెలుతురు చూసే సెన్సర్ ఉంటుంది, కొన్నిటికి హెడ్‌లైటు స్విచ్చే సెన్సర్. ఈ రెండో రకంలో వానాకాలం మధ్యాహ్నం దీపాలు వేయగానే తెర రాత్రనుకుని మసకబారుతుంది, మ్యాపు చదవలేం. మీటర్ల వెలుగు పెంచే చక్రాన్ని చివరిదాకా పైకి తిప్పితే కొన్ని బళ్లలో ఈ మసక పోతుంది.

ఆ చక్రం సంగతి ఎత్తాను కాబట్టి ఆగలేను. స్టీరింగ్ పక్కన వేలితో తిప్పే చిన్న చక్రం ఉండేది. రోడ్డు మీంచి చూపు తిప్పకుండా వెలుగు తగ్గించేవాళ్లం. కొత్త బళ్లలో దాన్ని పీకేసి మెనూలో మెనూ కింద దాచారు. డ్రైవర్ ఒకసారి తెర చూస్తే రెండు సెకన్లకు మించకూడదని అమెరికా రహదారి భద్రతా సంస్థ 2013లోనే మార్గదర్శకాల్లో రాసింది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఆ రెండు సెకన్లలోనే బండి 44 మీటర్లు పోతుంది. మెనూలు దాటుకుంటూ బ్రైట్‌నెస్ వెతికేసరికి ఎంత దూరం పోతుందో మీరే లెక్కేయండి. 2026 నుంచి యూరో ఎన్‌క్యాప్ ఇండికేటర్లు, హారన్, వైపర్లు లాంటి వాటికి అసలు మీటలుంటేనే పూర్తి మార్కులంటోంది. ఆ జాబితాలో వెలుగు తగ్గించే చక్రం లేదు. నన్నడిగితే వైపర్ తర్వాత అదే ఉండాలి.

అసలు బాధ దీనికి అవతల ఉంది. సొంత తెర వెలుగుకు కళ్లు చెదిరి రోడ్డు కనబడనివాడు తెర తగ్గించడు, హైబీమ్ వేస్తాడు. వాడి తెర ఖర్చు ఎదురుగా వచ్చే స్కూటరువాడు కట్టాలి. మన రోడ్ల మీద హైబీమ్ దించేవాడే కరువైపోయాడు. అది చాలదన్నట్టు షాపులో బిగించిన తెల్ల ఎల్‌ఈడీలు. 2012లో సుప్రీంకోర్టు చెప్పాక కారు అద్దాల నల్ల ఫిల్ములు నడిరోడ్డు మీద నిలబెట్టి పీకించిన పోలీసులే మనకున్నారు. అదే పట్టుదలతో రాత్రి పది దాటాక టోల్ గేట్ల దగ్గర నిలబడి ఈ ఎల్‌ఈడీలు పీకించమని, హైబీమ్‌లో దూసుకొచ్చేవాడికి అక్కడికక్కడే చలానా రాయమని ట్రాఫిక్ అధికారులకు నా విన్నపం.