మూడు గడుల పొగ లెక్క

మా బాబాయ్ చీరాల దగ్గర ఒక నూలు మిల్లులో అకౌంట్స్ చూస్తాడు. జీఎస్టీ, టీడీఎస్ అంటే నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. ఆ మనిషి మొన్నో రాత్రి ఫోన్ చేసి, "ఏందిరా ఈ స్కోప్‌లు? నూలు కొనేవాళ్లు ఎక్సెల్ షీట్ పంపించారు. స్కోప్ 1, స్కోప్ 2, స్కోప్ 3 అని మూడు గడులు. నింపకపోతే వచ్చే ఆర్డర్ ఆలోచిస్తామంటున్నారు" అన్నాడు.

అసలు గొడవ ఆ తర్వాత చెప్పాడు. మిల్లు వెనక రంగుల షెడ్డు ఉంది. అక్కడ బొగ్గు బాయిలర్, పద్నాలుగు మంది పనివాళ్లు. "బాయిలర్ మూసేసి రంగుల పని బయటికి ఇచ్చేద్దాం, మొదటి గడిలో అంకె పడిపోతుందట" అని ఎవరో ఓనర్‌గారి చెవిలో వేశారు. ఆయన సరేననేలా ఉన్నారు. ఇది నిజమేనా అని బాబాయ్ ప్రశ్న.

జవాబు చెప్పాలంటే ముందు గడులు నింపాలి. మిల్లు అసలు లెక్కలు ఇక్కడ రాయలేను కాబట్టి దానికి దగ్గరగా ఉండే గుండ్రటి అంకెలు తీసుకుంటున్నాను. ఏడాదికి 1,200 టన్నుల నూలు. 42 లక్షల యూనిట్ల కరెంటు. బాయిలర్‌కి 600 టన్నుల బొగ్గు. జనరేటర్‌కీ, మిల్లు సొంత లారీకీ కలిపి 25 వేల లీటర్ల డీజిల్.

ఈ మూడు గడుల పద్ధతి 2001లో వచ్చిన జీహెచ్‌జీ ప్రోటోకాల్‌ది. వరల్డ్ రిసోర్సెస్ ఇన్‌స్టిట్యూట్, ఇంకో వ్యాపార సంస్థల మండలి కలిసి తయారుచేశాయి. ఈ పద్ధతి పొగ ఎంత అని అడిగే ముందు పొగ ఎవరిది అని అడుగుతుంది. మన చేతిలో ఉన్న పొయ్యిలో, మన బండిలో కాలితే స్కోప్ 1. మనం కొన్న కరెంటు కోసం ఇంకెక్కడో కాలితే స్కోప్ 2. మన వ్యాపారం వల్లే వచ్చినా వేరేవాళ్ల చేతిలో ఉన్న మిగతాదంతా స్కోప్ 3.

మొదటి గడి తేలిక, ఎందుకంటే బిల్లులుంటాయి. లీటర్ డీజిల్ కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఇక్కడ బాబాయ్ ఆగాడు. "లీటర్ డీజిల్ కిలో కూడా తూగదు కదరా, రెండున్నర కిలోల పైన పొగ ఎక్కడిది?" మంచి ప్రశ్నే. డీజిల్‌లో ఉండేది ఎక్కువగా కార్బన్, కాలేటప్పుడు అది గాలిలోని ఆక్సిజన్‌ని కలుపుకుంటుంది. 12 కిలోల కార్బన్ 32 కిలోల ఆక్సిజన్‌తో కలిస్తే 44 కిలోలు. బరువులో ఎక్కువ భాగం గాలిదే. బొగ్గు అయితే రకాన్ని బట్టి మారుతుంది. మనం టన్నుకి 1.6 టన్నులు అనుకుందాం. 600 టన్నులకి 960, డీజిల్‌కి సుమారు 68. స్కోప్ 1 మొత్తం 1,028 టన్నులు.

బాబాయ్ బయటి నుంచి కిరాయికి పిలిచిన లారీల డీజిల్‌ని కూడా ఇందులో వేశాడు. అది తీసేయించాను. ఆ లారీ మన అజమాయిషీలో లేదు, దాని పొగ మూడో గడిలోకి పోతుంది. సొంత లారీ అమ్మేసి అదే రూట్‌లో కిరాయి లారీ పెడితే మొదటి గడి తగ్గుతుందన్న మాట. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

రెండో గడి కరెంటు. నూలు మిల్లులో కదుళ్లు తిరిగేది కరెంటుతోనే కాబట్టి పెద్ద అంకె ఇదే అవుతుంది. చీరాలలో ప్లగ్ దగ్గర పొగ ఉండదు, కానీ ఇబ్రహీంపట్నంలాంటి చోట థర్మల్ స్టేషన్‌లో బొగ్గు కాలుతూ ఉంటుంది. ఆ పొగ వాళ్లకి స్కోప్ 1, మనకి స్కోప్ 2. మన గ్రిడ్‌లో యూనిట్‌కి సగటున ఎంత కార్బన్ పడుతుందో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఏటా లెక్క ఇస్తుంది. ఈ మధ్య సంవత్సరాలకి అది 0.72 కిలోలకి అటూఇటూగా ఉంది. 42 లక్షల యూనిట్లంటే 3,024 టన్నులు. ఒక్క జాగ్రత్త: హెచ్‌టీ బిల్లులో కేవీఏహెచ్ అనీ, కేడబ్ల్యూహెచ్ అనీ రెండు రీడింగులు కనిపిస్తాయి. మనకి కావలసింది కేడబ్ల్యూహెచ్. బాబాయ్ మొదట రెండోది వదిలేసి పెద్ద అంకె రాశాడు, పాపం.

మూడో గడి దగ్గరే అందరూ చేతులెత్తేస్తారు. ప్రోటోకాల్ ఇందులో 15 రకాలు చెప్పింది. కొన్న సరుకు, కిరాయి రవాణా, చెత్త, ఉద్యోగుల ప్రయాణం, అమ్మిన సరుకు వాడకం వరకూ. నూలు మిల్లుకి వీటిలో పెద్దది దూది. 1,200 టన్నుల నూలుకి వ్యర్థం పోను దాదాపు 1,450 టన్నుల దూది కావాలి. ఆ దూది వెనక పత్తి చేను ఉంది, చేలో యూరియా ఉంది. యూరియా చల్లాక నేలలోని సూక్ష్మజీవులు అందులో కొంత నత్రజనిని నైట్రస్ ఆక్సైడ్‌గా గాలిలోకి వదులుతాయి. అది కిలోకి కిలో కార్బన్ డయాక్సైడ్ కంటే 273 రెట్లు వేడి పట్టి ఉంచుతుంది. యూరియా తయారీలో కాలిన గ్యాస్, ట్రాక్టర్ డీజిల్, జిన్నింగ్ మిల్లు కరెంటు దీనికి అదనం. కిలో దూదికి ఎంత వేయాలన్నది నేలనీ, దిగుబడినీ బట్టి బాగా మారుతుంది. లెక్క కోసం కిలోకి 2 కిలోలు అనుకుంటే 2,900 టన్నులు. మిల్లు కాల్చిన బొగ్గు, డీజిల్ మొత్తానికి ఇది దాదాపు మూడింతలు.

ఎవరి దగ్గరా చేను లెక్క ఉండదు కాబట్టి చాలామంది అడ్డదారి పడతారు. ఎన్ని రూపాయల దూది కొన్నామో చూసి, రూపాయికి ఇన్ని గ్రాములని గుణించేస్తారు. షీట్‌లో ఆ ఆప్షన్ కూడా ఉంది. 2022 మేలో దూది క్యాండీ, అంటే 356 కిలోలు, లక్ష రూపాయలు దాటింది. మామూలు రోజుల రేటుకి అది దాదాపు రెట్టింపు. ఈ పద్ధతిలో అయితే అదే చేను, అదే యూరియా, అదే దూది ఆ ఏడు రెట్టింపు పొగ వదిలినట్టు తేలుతుంది. రేటు పడిపోయిన ఏడు మిల్లు ఏమీ చేయకుండానే పర్యావరణానికి మేలు చేసినట్టు కనిపిస్తుంది. అందుకే బాబాయ్‌కి రూపాయలు వద్దు, బేళ్ల రిజిస్టర్ తీసి టన్నులే రాయమన్నాను.

"మరి ఆ చేను పొగ రైతు లెక్కలో ఉండదా?" అన్నాడు. రైతు లెక్క రాస్తే ఉంటుంది, ఆయనకది స్కోప్ 1. మిల్లుకి స్కోప్ 3. మన నూలుతో చొక్కాలు కుట్టించే కంపెనీకి కూడా స్కోప్ 3. ఒకే పొగ ముగ్గురి పుస్తకాల్లో ఉంటుంది. అది పొరపాటు కాదు, పద్ధతే అంత. కాకపోతే ముగ్గురి అంకెలూ కూడి జిల్లా లెక్క అనకూడదు.

చీరాలవాళ్లకి ఇది పొగాకుతో చెప్తే ఇట్టే అర్థమవుతుంది. ఐఎల్‌టీడీ తెలియని వాళ్లు మా ఊళ్లో ఉండరు. ఆకు ఫ్యాక్టరీకి రాకముందే ఊళ్లలో బ్యారన్లలో క్యూరింగ్ అయిపోతుంది. వర్జీనియా ఆకు పండాలంటే బ్యారన్ కింద రోజుల తరబడి కట్టెలు మండాలి. బ్యారన్ రైతుది, కాబట్టి కట్టెల పొగ రైతు స్కోప్ 1. ఆకు కొన్న ఏ కంపెనీకైనా అది మూడో గడిలోదే. ఫ్యాక్టరీ గేటు లోపల ఎంత శుభ్రంగా ఉన్నా, గేటు బయటి మంట ఆ ఆకు కోసమే. కట్టెకి ఇంకో మెలిక ఉంది. చెట్టు మళ్లీ పెరుగుతుందన్న లెక్కతో కట్టెల నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ని మూడు గడుల్లోనూ కలపకుండా పక్కన విడిగా రాస్తారు. మండేటప్పుడు వచ్చే మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ మాత్రం గడుల్లోనే ఉండాలి. నరికినచోట చెట్టు మళ్లీ మొలవకపోతే ఆ లెక్కకి అర్థం లేదని నా అభిప్రాయం.

ఇప్పుడు ఓనర్‌గారి ఆలోచన. రంగుల పని జాబ్ వర్క్‌కి ఇస్తే 600 టన్నుల బొగ్గు మన పుస్తకంలోంచి పోతుంది. స్కోప్ 1 1,028 నుంచి 68కి పడుతుంది. నూటికి 93 శాతం తగ్గుదల! కానీ బొగ్గు ఇంకో ఊళ్లో, ఇంకొకరి బాయిలర్‌లో మండుతూనే ఉంటుంది. ఆ 960 టన్నులూ మూడో గడిలోకి జరుగుతాయి, నూలు అటూ ఇటూ మోసే లారీల పొగ దానికి తోడవుతుంది. మొత్తం పెరుగుతుందే తప్ప తగ్గదు. వాళ్ల బాయిలర్ మనదాని కంటే పాతదైతే ఇంకా పెరుగుతుంది.

మూడో గడి ఖాళీగా వదిలేసే కంపెనీలకి ఈ ఎత్తు బాగా పారుతుంది. మన దేశంలో మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలకి 2022-23 నుంచి సెబీ పర్యావరణ నివేదిక తప్పనిసరి చేసినప్పుడు, స్కోప్ 1, 2 చెప్పి తీరాలన్నారు, స్కోప్ 3ని ఇష్టానికి వదిలారు. ఎత్తు పట్టుకోవడం మాత్రం కష్టం కాదు. నూలు టన్నులు అంతే ఉండి బొగ్గు మాయమై, అదే ఏడు లాభనష్టాల పట్టికలో జాబ్ వర్క్ చార్జీలు పెరిగితే చాలు. ప్రోటోకాల్ ప్రకారమైతే బయటికిచ్చిన పనిని మూడో గడిలో చూపించాలి. లేదంటే పాత ఏడాది అంకెలోంచి కూడా ఆ పనిని తీసేసి పోల్చాలి. రెండూ చేయకుండా 93 శాతం అని చెప్పుకోవడం కుదరదు. బాబాయ్ అకౌంటెంట్ కాబట్టి ఇది వెంటనే పట్టుకున్నాడు: "అంటే ఖర్చుని ఒక లెడ్జర్‌లోంచి ఇంకో లెడ్జర్‌లోకి నెట్టడమేగా."

మరి నిజంగా తగ్గించాలంటే ఏం చేయాలని అడిగాడు. షెడ్డు వీడియో తీసి పంపమన్నాను. ఆవిరి గొట్టాలకి చాలాచోట్ల చుట్టు ఊడిపోయి ఉంది. రంగు తొట్లను వేడి చేశాక ఆవిరి నీళ్లుగా మారుతుంది కదా, ఆ వేడి నీళ్లు నేరుగా కాలవలోకి పోతున్నాయి. బాయిలర్‌లోకి మాత్రం బోరు నీళ్లు, 30 డిగ్రీలవి. బాయిలర్ పనివాళ్లకి తెలిసిన సూత్రం ఒకటుంది: లోపలికి పోయే నీళ్లు ప్రతి 6 డిగ్రీలు వేడెక్కితే ఇంధనం సుమారు ఒక శాతం మిగులుతుంది. ఆ కాలవ నీళ్లని ట్యాంక్‌కి మళ్లించి 72 డిగ్రీలకి తెస్తే 7 శాతం. అంటే 42 టన్నుల బొగ్గు, 67 టన్నుల కార్బన్. జనరేటర్, లారీ రెండూ కలిపి ఏడాదంతా వదిలేది దాదాపు అంతే.

షీట్ పోయిన వారం పంపేశాడు, మూడో గడిలో దూది టన్నులతో సహా. కొనేవాళ్ల దగ్గర్నుంచి ఒక ప్రశ్న వచ్చింది: రంగుల పని ఇక ముందు కూడా మిల్లులోనే జరుగుతుందా? ఓనర్‌గారు గొట్టాల వాడిని పిలిపించి రేటు అడుగుతున్నారట.