బొటనవేలు వంగని చోట మణికట్టు

వేసవిలో కారంపూడి వెళ్లినప్పుడు మా బాబాయి కొడుకు కంట్రోలర్ నా చేతిలో పెట్టి, "అన్నా, దీన్ని అమ్మేసి పెట్టు" అన్నాడు. నిరుడు బండి మీంచి పడ్డప్పటి నుంచి వాడి కుడి బొటనవేలు సరిగ్గా వంగడం లేదు. స్టిక్‌ని ఒక పక్కకి తోయగలడు గానీ, వెంట్రుకవాసి కదిపి గురి సరిచేయడం కుదరదు. తుపాకీ ఆటలో ఆ వెంట్రుకవాసే కదా కావాల్సింది!

వాడిది పీఎస్4 కంట్రోలర్. దాని లోపల జైరో ఉంటుంది, అంటే కంట్రోలర్ ఎంత వేగంగా, ఎటు తిరుగుతోందో కొలిచే చిన్న సెన్సర్. ఎక్స్‌బాక్స్ కంట్రోలర్లలో ఇది ఉండదు, కొనేవాళ్లు చూసుకోండి. వేలు చేయలేనిది మణికట్టుతో చేయిద్దామనుకున్నాం. పెద్ద మలుపులు స్టిక్‌తో, సన్న సర్దుబాటు జైరోతో.

ల్యాప్‌టాప్‌లో స్టీమ్ తెరిచి, ఆట పేజీలో కంట్రోలర్ బొమ్మ నొక్కి, Edit Layout లోకి వెళ్లి, Gyro భాగంలో Gyro to Mouse ఎంచుకున్నాం. పక్కనే Gyro to Joystick Camera కూడా ఉంటుంది. అయితే స్టిక్ కొద్దిగా కదిలితే పట్టించుకోకూడదని ఆటలు నడిమధ్యలో కాస్త చోటు వదిలేస్తాయి. మనం జైరోతో చేసే సన్న కదలికలన్నీ అందులోనే మునిగిపోతాయి. అందుకే మౌస్ మేలు. కాకపోతే కొన్ని ఆటలు మౌస్‌నీ కంట్రోలర్‌నీ ఒకేసారి ఒప్పుకోవు. తెర మీద బటన్ గుర్తులు ఒకసారి కీబోర్డువి, ఒకసారి కంట్రోలర్‌వి అవుతూ మిణుకుమంటే అదే జబ్బు అని తెలుసుకోండి. అలాంటి ఆటలకి రెండోదే గతి, లేదా బటన్లన్నిటికీ కీబోర్డు కీలు కేటాయించాలి.

మా ఆట ఒప్పుకుంది. కానీ చెయ్యి కదపకపోయినా గురి చుక్క మెల్లగా ఎడమకి జారిపోతోంది. వాడు ఎండలోంచి తెచ్చిన కంట్రోలర్‌ని చేతిలో పట్టుకునే కాలిబ్రేషన్ చేశాడు. ఆ చేతి వణుకునే జైరో 'కదలని స్థితి' అనుకుంది. పైగా వేడి మారితే సెన్సర్ సున్నా కూడా కాస్త జరుగుతుంది. పది నిమిషాలు నీడలో ఉంచి, బల్ల మీద పెట్టి, ముట్టుకోకుండా మళ్లీ చేశాం. చుక్క నిలబడింది.

ఇక కొలత. Dots per 360° అనే అంకె ఉంటుంది. ఆటలో ఒక పూర్తి చుట్టు తిరగడానికి మౌస్ ఎన్ని చుక్కలు కదలాలో అది చెబుతుంది. జైరో సెన్సిటివిటీ 1 పెట్టి, ఆటలో ఒక తలుపుకి ఎదురుగా నిలబడి, కంట్రోలర్‌ని బల్ల మీద తిరగలిలా ఒక్క చుట్టు తిప్పాం. 6000 దగ్గర ఆటలో ఒకటిన్నర చుట్లు తిరిగింది. అంటే మూడింట రెండు వంతులు చాలు. 4000 పెడితే మళ్లీ తలుపు దగ్గరికే వచ్చి ఆగింది. ఆ తర్వాత ఆటలోని మౌస్ సెన్సిటివిటీ ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ఈ లెక్కంతా వృథా. మౌస్ యాక్సిలరేషన్ ఉంటే ముందే ఆపేయాలి, లేకపోతే అసలు లెక్కే కుదరదు.

ఇప్పటిదాకా జైరో ఎప్పుడూ ఆన్‌లోనే ఉంది. వాడు మంచం మీద వెనక్కి వాలినా గురి ఆకాశంలోకి పోతోంది. అందుకే బటన్ కావాలి. నేను టచ్‌ప్యాడ్ మీద వేలు పెడితే పనిచేసేలా పెట్టాను. అదే నా తెలివితక్కువతనం. దాన్ని ముట్టుకోవాల్సింది కూడా ఆ బొటనవేలే! "అన్నా, మళ్లీ దాని మీదికే తెచ్చావు" అని నవ్వాడు. ఎల్2కి మార్చాం. గురి చూడటానికి ఎలాగూ అదే నొక్కుతాడు, నొక్కేది ఎడమ చూపుడువేలు. నొక్కి ఉంచినంతసేపే జైరో. మణికట్టు ఇక తిరగదనిపిస్తే వదిలి, చేతులు సర్దుకుని, మళ్లీ నొక్కడమే. మౌస్ చాప అంచుకి వచ్చినప్పుడు ఎత్తి మధ్యలో పెట్టుకుంటామే, అలాగన్నమాట.

సెన్సిటివిటీ 1 దగ్గర కంట్రోలర్ ఎన్ని డిగ్రీలు తిరిగితే ఆటలోనూ అన్నే డిగ్రీలు. పక్కకి తిరగాలంటే చేతులు 90 డిగ్రీలు మెలిపెట్టాలి. 3 పెడితే 30 డిగ్రీలు చాలు. వాడు ఆత్రంగా 5 పెట్టాడు. దూరంగా ఉన్నవాడి మీద చుక్క నిలవకుండా అటూ ఇటూ ఊగింది. ఊగితే తగ్గించాలి, చేరకముందే మణికట్టు ఆగిపోతే పెంచాలి. సగం సగం తగ్గిస్తూ వచ్చి 2.5 దగ్గర ఆగాం.

స్కోపు లేకుండా దగ్గర్లో కాల్చేటప్పుడు ఎల్2 నొక్కే వ్యవధి ఉండదు. అక్కడ వాడికి ఇప్పటికీ స్టిక్కే దిక్కు, అక్కడే ఎక్కువగా చస్తున్నాడు. మొన్న ఫోన్ చేసి, ఎప్పుడూ ఆన్‌లో ఉండి ఎల్1 నొక్కితే ఆగేలా మార్చి చూస్తున్నానన్నాడు. బాంబు విసిరే బటన్ అదేనని అప్పుడు గుర్తొచ్చిందట. దాన్ని ఎక్కడికి మార్చాలో ఇంకా తేల్చుకోలేదు. కంట్రోలర్ అమ్మే మాట మాత్రం ఎత్తలేదు.