ముంచుతున్నది రెండో ప్రస్తావనే

తెలుగు యూట్యూబ్ చానళ్లు నడిపేవారిని కదిలిస్తే చాలు, రీచ్ పడిపోయిందనీ, జనానికి ఓపిక తగ్గిందనీ, సగంలోనే వెళ్లిపోతున్నారనీ చెబుతారు. గంటన్నర ఇంటర్వ్యూలకు, ఎన్నికల లెక్కింపు రోజున పొద్దుట్నుంచి రాత్రిదాకా సాగే లైవ్‌లకు అతుక్కుపోయి కూర్చునే జనం గురించే ఈ మాట! వాళ్లు ఏ నిమిషంలో లేచి వెళ్లారో, వెళ్లేముందు తెరమీద ఏం నడుస్తోందో చూపించే గ్రాఫ్ ప్రతి చానల్ యజమాని చేతిలోనే ఉంది. దాన్ని చూసి కూడా ప్రేక్షకుణ్ణే నిందించడం తెలియక చేసే పని కాదు.

యూట్యూబ్ స్టూడియోలో ప్రతి వీడియోకూ రిటెన్షన్ గ్రాఫ్ ఉంటుంది. వీడియో మొదలైనప్పుడు ఉన్నవారిలో ఏ క్షణాన ఎంత శాతం మిగిలారో ఆ గీత చెబుతుంది. ఎంత మంచి వీడియోకైనా గీత మెల్లగా కిందికే దిగుతుంది, అందులో తప్పేమీ లేదు. చూడాల్సింది స్పాన్సర్ మాట వచ్చిన చోట గీత ఏ ఆకారం తీసుకుందన్నది. గీత ఒక్కసారిగా కిందికి జారి, ప్రకటన ముగిశాక మళ్లీ పైకి లేస్తే అది గొయ్యి. అంటే ప్రేక్షకుడు ప్రకటనను దాటవేసి కార్యక్రమంలోకి తిరిగొచ్చాడు. కిందికి జారింది జారినట్టే ఉండిపోతే అది మెట్టు. అతను ఇక రాడు. చాలా చోట్ల గొయ్యీ మెట్టూ కలిసే ఉంటాయి. స్పాన్సర్ దగ్గర జారింది కానీ మళ్లీ లేచిందిగా అని సర్దిచెప్పుకునేవారు, ఎంత లోతుకు జారి ఎంతవరకే లేచిందో కొలవరు.

ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు మేం ఊహించుకున్నవే, లెక్కకట్టే పద్ధతి మాత్రం ఏ చానల్‌కైనా పనికొస్తుంది. ఇరవై నిమిషాల ఇంటర్వ్యూను లక్షమంది తెరిచారనుకోండి. నాలుగో నిమిషం వచ్చేసరికి 52 శాతం మిగిలారు. ఆ చుట్టుపక్కల గీత సహజంగా నిమిషానికి ఒక శాతం చొప్పున దిగుతోంది. అక్కడ స్పాన్సర్ మాట 75 సెకన్లు నడిచింది. మధ్యలో గీత 34కి పడి, ముగిశాక 46కి లేచింది. ప్రకటనే లేకపోతే ఆ సమయానికి సుమారు 51 దగ్గర ఉండాల్సింది. అంటే పన్నెండు శాతం మంది దాటవేసి తిరిగొచ్చారు, సుమారు అయిదు శాతం మంది పూర్తిగా పోయారు. లక్షలో అయిదువేల మంది. మొదటి ప్రస్తావనకు పడే ధర ఇది. చానల్ నడవాలంటే డబ్బు కావాలి కనుక ఈ ధరను మేం తప్పుపట్టం.

పదకొండో నిమిషంలో అదే బ్రాండ్ పేరు మళ్లీ వస్తుంది, ఈసారి నలభై సెకన్లు. అప్పటికి 40 శాతం ఉన్నారు. గీత 22కి పడి 33 దగ్గర ఆగింది. సహజంగానైతే 39 దాటి ఉండాలి. ఆరు శాతం పైగా పోయారు. మొదటిసారి అయిదు, రెండోసారి ఆరు, పెద్ద తేడా ఏముందని ఏజెన్సీ ప్రతినిధి అంటాడు. ఆయన భాగహారం తప్పు చేస్తున్నాడు. మొదటిసారి 52 మందిలో అయిదుగురు, అంటే పదిమందిలో ఒకరు కూడా పోలేదు. రెండోసారి 40 మందిలో ఆరుగురు పోయారు, అంటే ప్రతి ఆరుగురిలో ఒకరు. పైగా ఇది మొదటిదానిలో సగానికి కాస్త ఎక్కువ నిడివి మాత్రమే. ప్రకటన చిన్నదైనా నష్టం పెద్దదైందంటే, ప్రేక్షకుణ్ణి తరిమింది సెకన్ల సంఖ్య కాదని తేలుతోంది. ఒకసారి మర్యాదకు విన్నవాడు, రెండోసారి వచ్చేసరికి ఇదింక ఇంతేనని తేల్చుకుంటాడు.

ఇక పద్దెనిమిదో నిమిషంలో మూడో ప్రస్తావన. అక్కడ గీత పెద్దగా కదలదు. ‘చివర్లో పెడితే ఎవరూ పట్టించుకోరు’ అన్న సూత్రం ఇక్కడే పుట్టింది. పట్టించుకునేవాళ్లు ముందే వెళ్లిపోయారు! మిగిలిన ఇరవై ఏడు శాతం అతిథి ఏం చెప్పినా వినే అభిమానులు. వాళ్ల సహనాన్ని కొలిచి అందరి సహనమనుకోవడం, దాని ఆధారంగా వచ్చే వీడియోకు మరో బ్రాండ్ ఒప్పుకోవడం ఈ రంగంలో అందరూ చేసే పొరపాటు. ఏ ప్రస్తావన నష్టాన్నయినా అది వచ్చే ముందు క్షణంలో ఉన్నవారితోనే భాగించాలి. వీడియో మొదట్లో ఉన్నవారితో కాదు.

ఇవన్నీ చానల్ తన నోటితో చెప్పుకునే ప్రకటనలు. యూట్యూబ్ వేసే ప్రకటనలు వీటికి అదనం. 2020 జులైలో మిడ్‌రోల్ ప్రకటనలకు కావాల్సిన కనీస నిడివిని పది నిమిషాల నుంచి ఎనిమిదికి తగ్గించారు. అయిదు నిమిషాల్లో చెప్పగలిగిన విషయాన్ని ఎనిమిదికి సాగదీయాలన్న ఆశ పుట్టడానికి ఆ ఒక్క నిబంధన చాలు. మన ఇంటర్వ్యూకు మొదట్లో ఒకటి, మధ్యలో మూడు విరామాలు, ఒక్కోదానిలో పదిహేను సెకన్ల ప్రకటనలు రెండేసి అనుకుంటే రెండు నిమిషాలు. చానల్ సొంత ప్రస్తావనలు, మూడోది అరనిమిషం అనుకుని, 2 నిమిషాల 25 సెకన్లు. కూడితే ఇరవై రెండు నిమిషాల్లో నాలుగున్నరకు కాస్త తక్కువ. అయిదో వంతు.

ఈ అయిదో వంతుకు ఒక ప్రత్యేకత ఉంది. టీవీ చానళ్లకు మన కేబుల్ నిబంధనలు విధించిన పరిమితి గంటకు పన్నెండు నిమిషాలు, అంటే సరిగ్గా ఇదే నిష్పత్తి. అందులోనూ పది నిమిషాలే వ్యాపార ప్రకటనలకు, మిగతా రెండు చానల్ సొంత ప్రచారానికి. ఆ లెక్కన సబ్‌స్క్రైబ్ చేయండి, గంట కొట్టండి అనే వేడుకోళ్లను కూడా కలపాల్సి వస్తుంది. వాటిని కలిపితే మన ఇంటర్వ్యూ టీవీ పరిమితిని దాటేసినట్టే. టీవీలో ప్రకటనల గోల భరించలేక యూట్యూబ్‌కు వచ్చినవారికి మనం వడ్డిస్తున్నది ఇదీ!

రిటెన్షన్ గ్రాఫ్ కాలరేఖలో యూట్యూబ్ ప్రకటనల సమయం లెక్కలోకి రాదు. అది వీడియో నిడివిని మాత్రమే చూపిస్తుంది. కనుక మిడ్‌రోల్ దగ్గర విసుగెత్తి పోయినవాళ్లు ఒక్క సెకను వెడల్పున నిట్టనిలువు మెట్టుగా కనిపిస్తారు. ఆ మెట్టు స్పాన్సర్ మాటకు అర నిమిషం ముందో వెనకో పడితే రెండు నష్టాలూ కలిసిపోయి దేని పాపం ఎంతో తెలియదు. విరామాల స్థానాలు చేత్తో పెట్టుకునే చానళ్లు ఉత్కంఠ పుట్టే చోటు చూసి, అతిథి వాక్యం మధ్యలో కోత వేస్తున్నాయి. అలా అడ్డుతగిలే ప్రకటనలకు ఆదాయం తగ్గవచ్చని 2025లో యూట్యూబే హెచ్చరించి, మాటకు మాటకు మధ్య సహజంగా వచ్చే ఆగుడు దగ్గర ప్రకటన వేసేలా పద్ధతి మార్చింది. అమ్ముకునేవాడికి అర్థమైంది, కార్యక్రమం చేసేవాడికి ఇంకా కాలేదు.

గ్రాఫ్‌ను నమ్మేముందు ఒక జాగ్రత్త. ఎక్కువ ప్రస్తావనలున్న వీడియోలు సాధారణంగా నిడివిలో కూడా పెద్దవి. నిడివి పెరిగితే మిగిలే శాతం ఎలాగూ తగ్గుతుంది. కాబట్టి పావుగంట వంట వీడియోను, గంట ఇంటర్వ్యూను పక్కపక్కన పెట్టి ప్రకటనల పాపం తేల్చడం కుదరదు. అదే చానల్, అదే తరహా కార్యక్రమం, దాదాపు అదే నిడివి తీసుకుని, ఒక ప్రస్తావన ఉన్న వారాలను రెండున్న వారాలతో పోల్చాలి. సబ్‌స్క్రైబర్ల గీతను, కానివారి గీతను విడివిడిగా చూసే వీలు స్టూడియోలోనే ఉంది. కొత్తగా వచ్చినవాళ్లు మొదటి ప్రస్తావనకే పోతుంటే అది ఊహించదగ్గదే. పాత సబ్‌స్క్రైబర్లు రెండోదానికి మెట్టు వేస్తుంటే ఆ చానల్ తన మూలధనాన్ని తినేస్తోంది.

ఫిర్యాదుల లెక్క ఇంతకంటే గందరగోళం. కామెంట్ రాసేవాడు వీడియోలో ఉండిపోయినవాడు. కోపంతో వెళ్లిపోయినవాడు మాట్లాడడు. అందుకే గ్రాఫ్‌లో మెట్టు కనిపించిన చాలాకాలానికి కానీ కామెంట్లలో విసుగు కనిపించదు. ఎవరో ఒకరు ‘ఫలానా నిమిషం నుంచి చూడండి’ అని రాస్తే, దాని కింద లైకులు పోగుపడితే, దాన్ని ఫిర్యాదుగానే లెక్కించాలి. అది మర్యాదగా చెప్పిన తిట్టు. ఇక చాలా చానళ్లు యాడ్, ప్రమోషన్, డబ్బులు అన్న మాటలను నిషిద్ధ పదాల జాబితాలో పెట్టి అలాంటి కామెంట్లు బయటికి రాకుండా ఆపుతున్నాయి. ఆపేసి, మాకు ఫిర్యాదులే లేవని బ్రాండ్‌కు చూపిస్తున్నాయి. ఇది ప్రేక్షకుణ్ణీ ప్రకటనదారునూ కలిపి మోసగించడం.

‘ఎన్నిసార్లు’ అన్న ఫిర్యాదునూ ‘ఏది అమ్ముతున్నావు’ అన్న ఫిర్యాదునూ విడదీసి లెక్కపెట్టాలి. రెండోది ఒక్క ప్రస్తావనతోనే వస్తుంది. బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారన్న ఆరోపణపై 2025 మార్చిలో హైదరాబాద్ పోలీసులు పలువురు యూట్యూబర్ల మీద కేసులు పెట్టారు. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, డబ్బు పెట్టి ఆడే ఆటలకు ప్రచారం చేస్తే రెండేళ్ల దాకా జైలు, యాభై లక్షల దాకా జరిమానా అంటోంది. మామూలు వస్తువుల విషయంలోనూ డబ్బు తీసుకుని చెబుతున్నామన్న సంగతి కళ్లకు కనిపించేలా, చెవికి వినిపించేలా ప్రకటించాలని 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మార్గదర్శకాలిచ్చింది. తప్పుదారి పట్టించే ప్రకటనకు పది లక్షల దాకా, మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా జరిమానా ఉంది. అయినా మాటల సందులో ప్రకటనను దూర్చేసి, స్నేహితుడి సలహాలా వినిపించడం ఆగలేదు. అలా దూర్చినచోట గొయ్యి చిన్నగా కనిపిస్తుంది, ఎందుకంటే అది ప్రకటనని తెలిసేసరికే అయిపోతుంది. దాన్ని విజయమనుకునే చానల్‌కు అసలు దెబ్బ తర్వాతి వీడియోలో తగులుతుంది.

మా తీర్పు ఇది. ఇరవై నిమిషాల లోపు వీడియోలో స్పాన్సర్ పేరు ఒక్కసారే రావాలి. మొదట్లోనే, డబ్బు తీసుకున్నామని చెప్పి మరీ రావాలి. దానికి రెండు నిమిషాలు అటూ ఇటూ మిడ్‌రోల్ ఉండకూడదు. రెండో ప్రస్తావనకు డబ్బిస్తామని బేరమాడే ఏజెన్సీలు ఈ తప్పులో సగం భాగస్వాములు. ప్రస్తావనల సంఖ్యకు రేటు కట్టే ఒప్పందాలను మానేసి, ప్రకటన ముగిసే క్షణానికి గీత మీద ఎంతమంది మిగిలారో దానికి రేటు కట్టాలి. ఆ గ్రాఫ్ చూపించడానికి ఒప్పుకోని చానల్‌కు ఏ కంపెనీ ఒక్క రూపాయి కూడా ఇవ్వకూడదు.